కట్టాలా, కొనాలా? ఒక రైస్ మిల్లు లెక్కలో టోబిన్ క్యూ

(నల్లగొండలో వాణిజ్యశాస్త్ర విద్యార్థులు, మిర్యాలగూడ ప్రాంతపు మిల్లర్లు హాజరైన సభలో ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం.)

సభకు నమస్కారం. ముందు వరుసలో మిల్లుల యజమానులు, వెనుక వరుసల్లో వాళ్ల లెక్కలు రాయబోయే పిల్లలు కూర్చున్నారు కాబట్టి, నేను ఇవాళ చెప్పదలచుకున్న విషయాన్ని మిర్యాలగూడ మిల్లు ఒకదాన్ని ముందు పెట్టుకునే చెబుతాను. అంకెలు నేను వేసుకున్నవి. అవి ఎవరి మిల్లువీ కావు కాబట్టి ఎవరూ పక్కవాళ్ల వైపు చూడనక్కరలేదు.

ఒక వ్యాపారాన్ని ఉన్నదున్నట్టుగా కొనడానికి మార్కెట్టు ఎంత ఇస్తుందో పైన వేసి, అదే వ్యాపారపు భూమినీ షెడ్లనూ యంత్రాలనూ ఈ రోజు ధరలకు మళ్లీ సమకూర్చుకోవడానికి ఎంత ఖర్చవుతుందో కింద వేసి భాగిస్తే వచ్చే అంకెను అర్థశాస్త్రంలో టోబిన్ క్యూ అంటారు. కింద వేసే మొత్తానికి పునఃస్థాపన వ్యయమని పేరు. ఇందులోని ఆలోచన 1936లోనే కీన్స్ చెప్పినది: ఉన్న సంస్థ తక్కువకు దొరుకుతుంటే అలాంటిదాన్నే ఎక్కువ పెట్టి కొత్తగా కట్టడంలో అర్థం లేదు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ టోబిన్ 1968లో విలియం బ్రైనార్డ్‌తో కలిసి, 1969లో విడిగా రాసిన వ్యాసాల్లో దీన్ని ఒక నిష్పత్తిగా నిలబెట్టి, దానికి క్యూ అనే అక్షరం పెట్టాడు. క్యూ ఒకటి కంటే ఎక్కువైతే సిమెంటు, ఇనుము, యంత్రాలు కొని కూర్చినదానికి మార్కెట్టు కూర్చిన ఖర్చుకు మించి విలువ కడుతోందని అర్థం, కాబట్టి కట్టడం లాభం. ఒకటి కంటే తక్కువైతే కట్టేకంటే కట్టి ఉన్నదాన్ని కొనుక్కోవడమే చవక.

వాడపల్లి, మేళ్లచెర్వు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు చేతులు మారినప్పుడు, టన్ను సామర్థ్యానికి ఎన్ని రూపాయలు పడ్డాయి, కొత్తగా కడితే టన్నుకు ఎంత పడేది అని వ్యాపార పత్రికలు లెక్క వేస్తుంటాయి. పేరు పెట్టకుండా వాళ్లు లెక్కిస్తున్నది క్యూనే. షేర్ మార్కెట్టులో ఉన్న కంపెనీకి షేర్ల విలువ రోజూ తెలుస్తుంది. మన మిల్లులకు షేర్ల ధర లేదు కాబట్టి కొనేవాడు ముందుకొచ్చి చెప్పిన ధరే మనకు ఆధారం. పైనున్న అంకెలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది, ముందు అది చూద్దాం. అసలు తప్పులు కింది అంకె దగ్గర జరుగుతాయి, ఆ తర్వాత కొంచెం సేపు అక్కడ ఆగుదాం.

మన మిల్లును చూడండి. యజమాని తనకు 7 కోట్లు ఇమ్మంటున్నాడు. బ్యాంకులో ఉన్న 3 కోట్ల టర్మ్ లోన్‌ను కొనేవాడు తన మీద వేసుకోవాలి. గోదాములో ఉన్న వడ్లు, వాటి మీద తీసుకున్న క్యాష్ క్రెడిట్ ఇప్పుడు వదిలేద్దాం, వాటిని ఎలాగూ విడిగా తేల్చుకుంటారు. అప్పుడు మిల్లుకు మార్కెట్టు కట్టిన విలువ ఎంత? 7 కోట్లు అని చాలామంది అంటారు. కొనేవాడి మెడకు పడుతున్నది మాత్రం 10 కోట్లు. మిల్లు సంపాదించే ప్రతి రూపాయిలో బ్యాంకు వాటా కూడా ఉంటుంది కాబట్టి, యజమాని వాటా విలువకు అప్పు విలువ కలిపితేనే మిల్లు విలువ అవుతుంది.

ఇక కింది అంకె. చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చిన బ్యాలెన్స్ షీట్‌లో స్థిరాస్తులు 2.5 కోట్లని ఉంది. అది ఎప్పుడో కొన్న ధరలో నుంచి ఏటా తరుగుదల కొట్టేస్తూ వచ్చి మిగిల్చిన అంకె. అందులో భూమి రిజిస్ట్రేషన్ నాటి ధరకే నిలిచిపోయి ఉంటుంది, బాయిలర్ బంగారంలా పనిచేస్తున్నా పుస్తకంలో మాత్రం దాదాపు సున్నాకు చేరి ఉంటుంది. పునఃస్థాపన వ్యయాన్ని మనం వేరుగా లెక్కించుకోవాలి. రోడ్డు పక్క స్థలం ఇవాళ కొనాలంటే 2.5 కోట్లు. షెడ్లు, గోదాములు, చిమ్నీ ఇవాళ కట్టి, వాటి వయసుకు తగ్గ అరుగుదల తీసేస్తే 1.75 కోట్లు. బాయిలర్, వడ్లు ఉడకబెట్టే ట్యాంకులు, డ్రయ్యర్లు, రబ్బరు రోళ్ల షెల్లరు, పాలిషర్లు, ఎలివేటర్లు అన్నీ కొత్తవి కొంటే 6 కోట్లు, ఇప్పుడున్న స్థితికి తగ్గిస్తే 3.75 కోట్లు. మొత్తం 8 కోట్లు. పదిని ఎనిమిదితో భాగిస్తే క్యూ 1.25.

అదే 7 కోట్లను బ్యాలెన్స్ షీట్‌లోని 2.5 కోట్లతో భాగిస్తే 2.8 వస్తుంది. మా మేనమామ ఒకప్పుడు సరిగ్గా ఈ పని చేశాడు. పక్క ఊళ్లో మిల్లు పుస్తక విలువకు మూడింతలు పలికిందని విని, తానే ఒకటి కట్టడానికి దిగాడు. షెడ్డు రేకులు పడేనాటికి తెలిసిందేమిటంటే, ఆ మూడింతల్లో పెద్ద వాటా భూమిదే, మిల్లుది కాదు. భూమి ధరను పైన కలుపుకొని కింద కలపకపోతే ప్రతి పాత మిల్లూ బంగారు గనిలాగే కనిపిస్తుంది. క్యూ 2, 3 అని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది భూమిని ఏ ధరకు వేశారని.

సరే, నిజాయితీగా వేసినా 1.25 వచ్చింది. అంటే ఈ యజమాని ఇంకో లైను వేయాలా? విద్యార్థుల పాఠ్యపుస్తకాలు చాలావరకు ఔనని చెప్పి అక్కడ ఆగిపోతాయి. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుందని అనిపిస్తుంది. 1.25 అనేది ఉన్న మిల్లు మొత్తానికి వచ్చిన సగటు క్యూ. కొత్త లైను వేయాలా వద్దా అని తేల్చుకునేవాడికి కావలసింది, కొత్తగా పెట్టబోయే రూపాయి వల్ల సంస్థ విలువ ఎంత పెరుగుతుందనేది. దాన్ని ఉపాంత క్యూ అంటారు. సగటును చూడగలం, ఉపాంతాన్ని చూడలేం. ఏయే పరిస్థితుల్లో ఈ రెండూ ఒకటే అవుతాయో 1982లో ఫుమియో హయాషీ అనే అర్థశాస్త్రవేత్త నిరూపించాడు. సంస్థ తాను కొనే, అమ్మే సరుకుల ధరలను మార్చగలిగేంత పెద్దది కాకూడదు. పెట్టుబడి, కూలీలు వగైరా అన్నీ రెట్టింపైతే ఉత్పత్తి కూడా సరిగ్గా రెట్టింపు కావాలి, కొత్త యంత్రాలు బిగించే ఖర్చు కూడా అదే దామాషాలో నడవాలి. ఈ షరతుల్లో ఏది తప్పినా రెండు క్యూలు విడిపోతాయి.

మన మిల్లులో అవి ఎలా విడిపోతాయో చూడండి. మిల్లు ఏటా 15,000 టన్నుల వడ్లు ఆడుతుంది. కరెంటు, హమాలీ, రిపేర్లు, జీతాలు పోగా క్వింటాలు వడ్లకు 90 రూపాయలు మిగులుతాయి. బియ్యం, నూకలు, తవుడు, ఊక అన్నీ అమ్మిన తర్వాత మిగిలేదే ఈ 90. ఇప్పుడు ఖాళీగా ఉన్న ఆవరణలో 3 కోట్లతో 7,500 టన్నులు ఆడే రెండో లైను వేయాలనేది ఆలోచన. కొత్త లైను కూడా క్వింటాలుకు 90 మిగిల్చితే, 75,000 క్వింటాళ్లకు ఏటా 67.5 లక్షలు. పెట్టుబడి మీద నూటికి 12 రాబడి కావాలనుకుందాం, యంత్రాల సత్తువ ఏటా నూటికి 6 చొప్పున తగ్గుతుందనుకుందాం. అలా తగ్గుతూ వచ్చే ఆదాయానికి ఈనాటి విలువ కట్టాలంటే, మొదటి ఏటి ఆదాయాన్ని ఆ రెండింటి మొత్తంతో, అంటే 0.18తో భాగిస్తే చాలు. 67.5 లక్షలను 0.18తో భాగిస్తే 3.75 కోట్లు. దాన్ని 3 కోట్లతో భాగిస్తే 1.25. ఉపాంతమూ సగటూ కలిశాయి, హయాషీ గారి షరతులు తీరాయి.

కాని వడ్లు ఎక్కడి నుంచి వస్తాయి? చుట్టుపక్కల ఊళ్ల వడ్లు పాత లైనుకే సరిపోతున్నాయి. కొత్త 75,000 క్వింటాళ్లకు లారీలు ఇంకా దూరం పోవాలి, క్వింటాలుకు 20 రూపాయలు అదనపు కిరాయి. అది 15 లక్షలు. అంతవరకు ప్రతి మిల్లరూ లెక్క వేసుకుంటాడు. రెండో నష్టం అంత తేలిగ్గా కనబడదు. ఇదే మిల్లు కల్లాల దగ్గర ఎక్కువ వడ్ల కోసం నిలబడేసరికి దగ్గరి ఊళ్లలోనూ ధర లేస్తుంది. క్వింటాలుకు 5 రూపాయలే లేచిందనుకోండి, ఆ 5 రూపాయలను పాత లైను ఆడే 1,50,000 క్వింటాళ్లకు కూడా ఇవ్వాలి. అది ఇంకో 7.5 లక్షలు. ఈ నష్టం పాత లైను ఖాతాలో పడుతుంది కాబట్టి కొత్త లైను లెక్కల్లో ఎవరూ రాయరు, కాని కొత్త లైను వేయకపోతే అది ఉండేదే కాదు. రెండూ తీసేస్తే 67.5లో మిగిలేది 45 లక్షలు. 0.18తో భాగిస్తే 2.5 కోట్లు. 3 కోట్లు పెట్టి 2.5 కోట్ల విలువ సంపాదిస్తున్నాం, ఉపాంత క్యూ 0.83. సగటు క్యూ కట్టమంటున్న చోటనే ఉపాంత క్యూ వద్దంటోంది.

ఆ పాత మిల్లు విలువలో ఖర్చుకు మించి ఉన్న ఆ 2 కోట్లు ఎక్కడివో ఇప్పుడు అర్థమవుతుంది. మంచి చోట ముందుగా వెలసినందుకు, రైతులతో, అడ్తిదారులతో ఏళ్ల తరబడి ఉన్న పరిచయానికి, హైదరాబాదు కిరాణా దుకాణాల్లో దాని బస్తా గుర్తుకు ఉన్న పేరుకు మార్కెట్టు కట్టిన వెల అది. రెండో లైను వేసినంత మాత్రాన ఆ చోటు, ఆ పేరు రెండింతలు కావు. ఈ కారణం చేతనే, పోటీ తక్కువ ఉన్న పరిశ్రమల్లో క్యూ ఏళ్ల తరబడి ఒకటికి బాగా పైన నిలిచినా పెట్టుబడి మాత్రం పెరగకపోవచ్చు. అలాంటి చోట క్యూ చెప్పేది సంస్థకున్న పట్టు గురించి, విస్తరణకున్న అవకాశం గురించి కాదు.

దీనికి తిరగబడిన సందర్భమూ ఉంది, మిల్లర్లకు బహుశా ఇదే ఎక్కువ ఉపయోగం. ఇంకో పాత మిల్లు, సగటు క్యూ 0.7. దాన్ని ఇవాళ మళ్లీ సమకూర్చుకునే ఖర్చు కూడా మార్కెట్టు ఇవ్వడం లేదు. ఏటా 6,000 టన్నుల బియ్యం అమ్ముతుంది, కాని సార్టెక్స్ లేదు కాబట్టి నల్లగింజ, పసుపు గింజ కలిసిపోయి కిలోకు 25 పైసలు తక్కువ పలుకుతోంది. 40 లక్షలు పెట్టి రంగు వేరుచేసే ఆ మిషను బిగిస్తే 60 లక్షల కిలోల మీద ఏటా 15 లక్షలు. కంప్రెసర్ కరెంటు, మరమ్మతులు 3 లక్షలు పోనిస్తే మిగిలేది 12 లక్షలు. ఈ మిషను త్వరగా పాతబడుతుంది కాబట్టి అరుగుదల నూటికి 10 వేసుకుందాం, రాబడి 12 అలాగే. 12 లక్షలను 0.22తో భాగిస్తే సుమారు 54.5 లక్షలు. ఉపాంత క్యూ 1.36. సగటు 0.7 ఉన్న మిల్లులో ఇంకో రూపాయి పెట్టకూడదనుకున్న యజమాని ఈ 14 లక్షలు వదులుకున్నట్టే.

టోబిన్ అసలు ఈ నిష్పత్తిని మిల్లర్ల కోసం తయారుచేయలేదు. రిజర్వు బ్యాంకు లాంటి కేంద్ర బ్యాంకులు వడ్డీరేట్లు మారిస్తే ఆ కదలిక ఫ్యాక్టరీల దాకా ఏ దారిన చేరుతుందన్నది ఆయన ప్రశ్న. మన లెక్కలోనే ఆ దారి కనిపిస్తుంది. రైతు దగ్గర ధర పెరగని, అదనపు కిరాయి పడని మంచి పరిస్థితిలో రెండో లైను క్యూ 1.25 కదా. కావలసిన రాబడి నూటికి 12 నుంచి 15కు పెరిగితే భాగించాల్సింది 0.21తో. విలువ 3.75 కోట్ల నుంచి 3.21 కోట్లకు పడిపోతుంది, క్యూ 1.07 అవుతుంది. షెల్లరు ధర మారలేదు, వడ్ల ధర మారలేదు, కాని కట్టాలన్న ఉబలాటం చాలావరకు చల్లారింది. సాగర్ ఎడమ కాల్వ నీళ్ల సంగతీ అంతే. రెండు పంటలకూ నీళ్లు అందుతాయన్న నమ్మకం కుదిరిన ఏడు, ఒక్క గింజ కూడా మిల్లుకు చేరకముందే మిల్లుల బేరాలు పెరుగుతాయి. యాసంగికి నీళ్లు రావని తెలిసిన ఏడు అదే మిల్లును అడిగేవాడుండడు. ఇటుకల ఖర్చు రెండేళ్లలోనూ ఒకటే. రాబోయే కాలం మీద ఉన్న అంచనా అంతా పై అంకెలో కూర్చుంటుంది, క్యూకు ఉన్న బలం అదే. అందులోని ప్రమాదం కూడా అదే, ఎందుకంటే అంచనా మోజుగా మారినప్పుడు పై అంకె ఉబ్బుతుంది, ఆ ఉబ్బును చూసి కట్టినవాడికి మిగిలేది షెడ్డు.

విద్యార్థుల కోసం ఒక మాట. క్యూ ఒకటి దాటిన మరుక్షణం పెట్టుబడి అంతా ఒకేసారి ఎందుకు పడదని పరీక్షల్లో అడుగుతారు. సర్దుబాటు ఖర్చుల వల్ల అని పుస్తకంలో ఉంటుంది. దాన్ని మిల్లులో చూడాలంటే కోతల సమయానికి పోవాలి. గేటు ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా కొత్త లైను కోసం ఎలివేటర్ విప్పితే పాత లైను ఆగుతుంది. మేస్త్రీలు, ఫిట్టర్లు అందరూ ఒకేసారి కావాలంటే కూలి పెరుగుతుంది. మెల్లగా, రెండు పంటల మధ్య ఖాళీలో బిగిస్తే ఆ ఖర్చు తగ్గుతుంది. అందుకే క్యూ ఒకటికి ఎంత పైన ఉంటే పెట్టుబడి అంత వేగంగా సాగుతుందే తప్ప, ఒక్క గెంతులో ముగియదు. అయితే అమెరికా కంపెనీల గణాంకాలతో ఈ సంబంధాన్ని కొలిచినవాళ్లకు ఎదురైన నిరాశ ఒకటుంది. క్యూ పెరిగినప్పుడు పెట్టుబడి పెరిగిన మాట నిజమే కాని, సిద్ధాంతం చెప్పినదానికంటే చాలా కొద్దిగా పెరిగింది. ఆ లెక్కను అక్షరాలా నమ్మితే బిగింపు ఖర్చులు నమ్మశక్యం కానంత పెద్దవని ఒప్పుకోవాలి. 1988లో ఫజ్జారి, హబ్బర్డ్, పీటర్సన్ అనే ముగ్గురు, క్యూ సమానంగా ఉన్నా చేతిలో నగదు ఎక్కువ ఉన్న కంపెనీలు ఎక్కువ పెట్టుబడి పెడుతున్నాయని చూపించారు. ఆ నగదు అప్పు దొరకని బాధను చెబుతోందా, లేక మనం కొలవలేకపోయిన ఉపాంత క్యూకు గుర్తుగా నిలుస్తోందా అన్న వాదన ఆ తర్వాత చాలాకాలం నడిచింది. నేనైతే రెండో వైపు కొంచెం మొగ్గుతాను. ఇందాక 1.25కూ 0.83కూ మధ్య చూసిన తేడా బయటివాడికి ఏ గణాంకంలోనూ దొరకదు కదా.

ఇందాక టీ తాగేటప్పుడు ఒక పెద్దాయన నన్ను ఒక ప్రశ్న అడిగారు. క్యూ ఒకటి కంటే తక్కువుంటే మిల్లు అమ్మేయాలి కదా, మరి రోడ్డు పొడవునా మూసిన మిల్లులు ఏళ్ల తరబడి అలాగే ఎందుకు నిలబడి ఉన్నాయి అని. దానికి జవాబు యంత్రాన్ని కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉంది. వంద రూపాయలకు బిగించిన డ్రయ్యరును విప్పి అమ్మితే నలభై వస్తుందనుకుందాం. పునాదిలో పోసిన సిమెంటు, బిగింపు కూలి తిరిగి రావు, మిగిలింది ఇనుము ధర. అప్పుడు ఉపాంత క్యూ ఒకటి దాటితే కొత్త యంత్రం కొనాలి, 0.4 కంటే కిందికి పడిపోతే విప్పి అమ్మాలి. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఉన్నా కొనడమూ నష్టమే, అమ్మడమూ నష్టమే. క్యూ 0.6 ఉన్న మిల్లు యజమాని తాళం వేసి, కాపలాకు ఒక మనిషిని పెట్టి, కాల్వకు నీళ్లొచ్చే ఏడు కోసం ఎదురుచూడటం తెలివితక్కువతనమేమీ కాదు. కొత్తగా కట్టబోయేవాడికీ ఈ సంగతి పనికొస్తుంది: ఒకసారి పోసిన పునాదిని వెనక్కి తీసుకోలేం కాబట్టి, నీళ్ల సంగతి ఎటూ తేలని ఏడు క్యూ 1.05 కనిపించగానే తొందరపడనక్కరలేదు, ఒక పంట ఆగి చూడటానికీ ఒక విలువ ఉంది. ఇక ఆయన చెప్పిన మూసిన మిల్లుల్లో రోడ్డును ఆనుకుని ఉన్నవాటి లెక్క వేరు. వాటి భూమిని ప్లాట్లుగా అడిగేవాడు వచ్చిన రోజు 0.4 గీత ఒక్కసారిగా పైకి జరుగుతుంది, అప్పుడు బాయిలర్ మంచిదే అయినా మిల్లు నిలవదు.